మోకాలి మార్పిడి తర్వాత ఇంట్లో: కాలు చాపలేకపోతున్నా, నొప్పి తగ్గకపోయినా, పిక్క వాచినా ఏం చూడాలి?

ఆపరేషన్ అయిన పదహారో రోజున ఒక పెద్దావిడ ఇంటికి ఫిజియోథెరపీ చేయించడానికి వెళ్లాను. వయసు 66. మంచం మీద పడుకుని ఉన్నారు, ఆపరేషన్ చేసిన మోకాలి కింద రెండు దిండ్లు. "ఇలా పెట్టుకుంటేనే కాస్త ప్రాణానికి హాయిగా ఉందమ్మా" అన్నారు. దిండ్లు తీసి కాలు చాపమన్నాను. మోకాలి వెనక్కీ పరుపుకీ మధ్య నా పిడికిలి సులువుగా దూరింది. వంచమంటే 70 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. పిక్క బాగా వాచి ఉంది. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్: ఆపరేషన్ ఏమైనా తేడా చేసిందా అని.

తేడా ఆపరేషన్‌లో లేదు, ఇంటికొచ్చాక జరిగిన మూడు చిన్న విషయాల్లో ఉంది. ఇవి చాలా ఇళ్లలో జరుగుతాయి కాబట్టి ఆవిడ కాలితోనే చెప్తాను.

సమస్య: కాలు నిటారుగా చాపలేకపోవడం

కారణం ఆ దిండ్లే. మోకాలు కొద్దిగా వంగి ఉన్నప్పుడు లోపల వాపుకి చోటు ఎక్కువ దొరుకుతుంది, అందుకే హాయిగా ఉంటుంది. కానీ గంటల తరబడి అలాగే ఉంచితే మోకాలి వెనక కణజాలం ఆ వంపులోనే మానిపోతుంది. కాలు చాపలేని మనిషి నిలబడితే తొడ కండరం క్షణం కూడా వదలకుండా పనిచేయాలి. కుంటు వస్తుంది, నాలుగడుగులకే అలసట వస్తుంది. అందరూ "ఎంత వంగింది?" అనే అడుగుతారు గానీ, మొదటి నెలలో నేను ముందు చూసేది ఎంత చాపగలుగుతున్నారని.

దిండు మోకాలి కింద కాదు, మడమ కింద ఉండాలి. టవల్ చుట్టగా చుట్టి మడమ కింద పెట్టి, మోకాలు గాలిలో వదిలేసి మొదట 5 నిమిషాలు, అలవాటయ్యాక 10 నిమిషాలు ఉంచండి. రోజుకి మూడు నాలుగు సార్లు చాలు. మోకాలి వెనక లాగుతున్నట్టు ఉంటుంది, ఉండాలి కూడా. ఆ తర్వాత టవల్ తీసేసి, మోకాలిని పరుపుకేసి నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు ఆపండి. అలా పదిసార్లు. ఇంట్లోవాళ్లు మోకాలి కింద చెయ్యి పెట్టి చూస్తే సందు తగ్గుతోందో లేదో తెలిసిపోతుంది.

సమస్య: రెండు వారాలైనా నొప్పి తగ్గట్లేదు, వ్యాయామం అంటేనే భయం

ఆవిడ మాత్రలు అలవాటైపోతాయేమోనని నొప్పి భరించలేనప్పుడే వేసుకుంటున్నారు. నొప్పి పూర్తిగా ముదిరాక వేసిన మాత్ర దాన్ని అందుకోవడానికి చాలా సమయం పడుతుంది. ఈలోగా ఫిజియో వేళ దాటిపోతుంది, మోకాలు ఇంకాస్త బిగుస్తుంది, మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువ.

మొదటి కొన్ని వారాలు డాక్టర్ రాసిన పారాసెటమాల్‌ని నొప్పి చూసి కాదు, గడియారం చూసి వేసుకోవాలి. వ్యాయామానికి సుమారు 45 నిమిషాల ముందు ఒక డోసు పడేలా సర్దుకుంటే బాగుంటుంది. ఒక్క జాగ్రత్త: ట్రమడాల్ కలిసిన చాలా మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. అన్ని స్ట్రిప్పుల మీదా చదివి మొత్తం లెక్క కట్టండి. 24 గంటల్లో 4 గ్రాములు ఎవరికైనా గరిష్ఠం. పెద్దవాళ్లకీ, బక్కపలచగా ఉన్నవాళ్లకీ, కాలేయ సమస్య ఉన్నవాళ్లకీ డాక్టర్లు ఇంకా తక్కువే చెప్తారు. ఇంట్లో పాతవి ఉన్నాయి కదా అని డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కలపొద్దు. రక్తం పలచబరిచే మందుతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, కిడ్నీల మీదా భారం పడుతుంది. ట్రమడాల్ వాడుతుంటే మలబద్ధకం వస్తుంది, దానికి మందు ముందే అడగండి.

ఐస్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి, ముఖ్యంగా వ్యాయామం అయ్యాక. వ్యాయామం ఎక్కువైందా తక్కువైందా అన్నదానికి ఒక గుర్తు ఉంది. చేశాక నొప్పి గంట రెండు గంటల్లో సర్దుకుని, మర్నాడు పొద్దున వాపు పెరగకపోతే మోతాదు సరిపోయినట్టే. పొద్దునకి మోకాలు ఉబ్బి, బిగుసుకుని ఉంటే ఆ రోజు సగమే చేయండి, మానేయొద్దు.

సమస్య: పిక్క వాపు

ఆపరేషన్ తర్వాత కాలంతా వాయడం మామూలే. కమిలిన నీలం రంగు చీలమండ దాకా జారడం కూడా మామూలే. అలాంటి వాపు రాత్రంతా కాలు ఎత్తులో పెట్టుకుంటే తెల్లారేసరికి కొంతైనా దిగుతుంది. దిగకుండా ఒక్క కాలే వాచి, పిక్క గట్టిపడి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే సిరలో గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి.

టేపుతో రెండు పిక్కలూ ఒకే ఎత్తులో కొలిచాను. తేడా 3 సెంటీమీటర్లకు పైనే ఉంది. ఈ కొలత ఒక్కదానితో గడ్డ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. అందుకే వ్యాయామం ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపాను. డాప్లర్ స్కానింగ్‌లో గడ్డ కనిపించలేదు. రోజంతా కుర్చీలో కాలు వేలాడేసి కూర్చోవడం వల్ల వచ్చిన వాపు అది. కానీ అసలు విషయం అప్పుడే బయటపడింది: రక్తం పలచబరిచే మాత్ర 35 రోజులు రాస్తే, మొదటి స్ట్రిప్పులు అయిపోయాయని రెండు రోజుల క్రితమే ఆపేశారు! గడ్డ ప్రమాదం ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా వారాల పాటు ఉంటుంది. ఆ మందు ఎన్ని రోజులో కాగితం మీద చూసి, ఆఖరి తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. డోసు మర్చిపోతే రెండు కలిపి వేసుకోకుండా డాక్టర్‌ని అడగండి.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాన్ని పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించండి. అనుమానం ఉన్న పిక్కని మాత్రం ఎవరూ రుద్దొద్దు, మసాజ్ చేయొద్దు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం: వీటిలో ఏది వచ్చినా వెంటనే అంబులెన్స్ పిలవాలి.

సమస్య: మోకాలు వంగట్లేదు

మామూలుగా రెండు వారాలకి 90 డిగ్రీలకు దగ్గరగా, ఆరు వారాలకి 110 చుట్టుపక్కల వంగాలని చూస్తాం. నాలుగైదు రోజులు అటూ ఇటూ అయితే కంగారు లేదు. కుర్చీలో కూర్చుని, పాదాన్ని నేల మీద జార్చుతూ వెనక్కి తెచ్చి, ఆగిన చోట పాదం అలాగే ఉంచి నడుముని కాస్త ముందుకు జరపండి. పదిసెకన్లు ఆపండి. ఎవరో బలవంతంగా వంచడం కంటే ఇది నయం, ఎందుకంటే ఎక్కడ ఆపాలో మీ చేతిలోనే ఉంటుంది. ఆరు వారాలకి కూడా 90 దాటకపోతే ఆలస్యం చేయకుండా సర్జన్‌కి చూపించండి. మత్తు ఇచ్చి మోకాలు వంచే పద్ధతి మొదటి మూడు నెలల్లోపే బాగా పనిచేస్తుంది.

గాయం గురించి ఒక్క మాట. మోకాలు నెలల పాటు కాస్త వెచ్చగా ఉంటుంది, మచ్చ పక్కన తిమ్మిరిగా ఉంటుంది, అది పర్లేదు. కుట్ల నుంచి నీరు గానీ చీము గానీ కారుతున్నా, ఎరుపు పాకుతున్నా, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వచ్చినా అదే రోజు సర్జన్ చూడాలి. సొంతంగా యాంటీబయాటిక్ మొదలుపెడితే ఇన్‌ఫెక్షన్ లోపల దాక్కుంటుంది, పరీక్షలో దొరకదు.

ఆవిడ డాక్టర్ చెప్పినట్టు మాత్ర మళ్లీ మొదలుపెట్టారు, దిండ్లు మడమ కిందికి మారాయి. నాలుగో వారానికి సందులో నా అరచెయ్యి మాత్రమే పట్టింది. ఆరో వారానికి 105 డిగ్రీలు వంగింది, వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. రాత్రి నొప్పి మాత్రం ఇంకా కొంచెం ఉంది. దానికి పడుకునే ముందు డోసు, ఐస్ కొనసాగిస్తున్నాం.