ఒక బడ్ ముందే చచ్చిపోతోందా?

ఇయర్‌బడ్స్‌లో ఒకటి మాత్రం గంట ముందే ఆగిపోతుంటే, సాధారణంగా కాల్స్‌కి ఎప్పుడూ వాడే బడ్డే అది. మైక్ పని కూడా దానిదే కాబట్టి ఛార్జింగ్ సైకిల్స్ త్వరగా పెరిగి బ్యాటరీ అరుగుతుంది. ఒంటి బడ్‌తో మాట్లాడేటప్పుడు రోజుకో వైపు మార్చండి. బడ్ 20 శాతానికి పడకముందే కేస్‌లో పెట్టేయండి. కేస్‌ని 30 దగ్గర ఛార్జింగ్ పెట్టి, 80 దగ్గర తీసేయండి, రాత్రంతా వద్దు. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే ఈ జాగ్రత్తలన్నీ దండగ, వేడే అసలు శత్రువు. నెలల తరబడి వాడకపోతే కేస్‌ని సగం ఛార్జ్‌తో దాచండి, రెండు నెలలకోసారి చూడండి.

ఛార్జింగ్ పిన్నులు పొడి దూదిపుల్లతో తుడిచాక కూడా బడ్ 40 శాతం నుంచి ఒక్కసారిగా ఆఫ్ అయితే దాని బ్యాటరీ అరిగిపోయినట్టే, ఈ అలవాట్లు దాన్ని వెనక్కి తేలేవు. కేస్ ఉబ్బితే మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.