అమ్మానాన్నల పేరున ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ రద్దు: దరఖాస్తు విధానం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పెద్దాయన పేరున బ్రాడ్‌బ్యాండ్ ఉంది, బిల్లు నెలనెలా ఆయన ఖాతా నుంచి ఆటోపేలో పోతోంది. వద్దనుకుంటున్నారు, రద్దు చేయించమని విశాఖలో ఉన్న కూతురికి చెప్పారు అనుకుందాం. కన్నకూతురే అయినా కంపెనీ లెక్కలో ఆమె బయటి మనిషే. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల మాటే చెల్లుతుంది.

అన్నిటికన్నా సులువు, నాన్నను కాన్ఫరెన్స్‌లో కలిపి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయడం. రిజిస్టర్డ్ మొబైల్‌కు వచ్చిన ఓటీపీ, పుట్టిన తేదీ లేదా చిరునామా అడుగుతారు. అవి ఆయనే చెప్పి, "మిగతాది మా అమ్మాయి మాట్లాడుతుంది" అంటే చాలాచోట్ల పని జరిగిపోతుంది. ఒడిశా కనెక్షన్లకు ఒక్కోసారి ఒడియా, హిందీయే వస్తాయి. నాన్నకు ఆ రెండూ సరిగా రాకపోతే తెలుగు మాట్లాడేవారిని ఇమ్మని ముందే అడగండి.

ఫోన్‌లో కుదరదంటే, మీకు అధికారం ఇస్తున్నట్టు నాన్న సంతకం చేసిన ఉత్తరం, అంటే అధికార పత్రం అడుగుతారు. కనెక్షన్ నంబరు, మీ పేరు, మీతో ఉన్న బంధుత్వం, "రద్దు చేయించడానికి మాత్రమే" అన్న మాట అందులో ఉండాలి. ఉత్తరం చదివేది భువనేశ్వర్ ఆఫీసులో కాబట్టి ఇంగ్లీషులో రాసి, "తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశారు" అన్న వాక్యాన్నీ ఇంగ్లీషులోనే చేర్చండి. సంతకం తెలుగులో ఉన్నా పర్లేదు, కనెక్షన్ తీసుకున్నప్పటి సంతకంలా ఉండాలి. వేలిముద్ర అయితే ఇద్దరు సాక్షులను పెట్టండి. నాన్నదీ మీదీ గుర్తింపు కార్డుల నకళ్లు జత చేయాలి. ఆధార్ ఇస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇచ్చి, దేనికోసమో దానిమీదే రాయండి.

మన సరిహద్దు ఊళ్లలో దరఖాస్తు ఎక్కువగా ఆగేది పేరు దగ్గరే. బిల్లు మీద "జి. అప్పారావు" అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోయి "అప్పారావు గుడ్ల" అవుతుంది. రెండూ ఒకరివేనని ఉత్తరంలోనే రాసేస్తే ఒక తిరకాసు తప్పుతుంది.

చాలామంది ముందు ఆటోపే తీసేసి ఊరుకుంటారు. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌కు అది రద్దు కాదు, బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ముందు రద్దు అభ్యర్థన నంబరు తీసుకోండి, చివరి బిల్లు కట్టండి, రౌటర్ అప్పగించి రసీదు పుచ్చుకోండి. ఆ తర్వాతే యూపీఐ యాప్‌లో ఆటోపే రద్దు చేయాలి. పిన్ అడిగితే నాన్నే కొట్టాలి, మీకు చెప్పకూడదు.

ఆయనకు మతిమరుపు ముదిరి, ఏం చేస్తున్నారో తెలియని స్థితిలో ఉంటే మాత్రం ఈ ఉత్తరం పనికిరాదు. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ కూడా అక్కడితో చెల్లదు. కోర్టు నియమించిన సంరక్షకుడి ఉత్తర్వు అడుగుతారు.

అన్నీ ఇచ్చినా కంపెనీ కదలకపోతే ఫిర్యాదు నంబరు తీసుకుని, ముందు ఆ కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయొచ్చు. రౌటర్ రసీదు అప్పుడూ అడుగుతారు.