ఇంట్లో రేడియో గోల – 7వ పాఠం: కేబుల్ మీద బుడిపె

ఆరో పాఠంలో గోల ఎక్కణ్ణుంచి పుడుతోందో పట్టుకోవడం నేర్చుకున్నాం. బ్యాటరీ మీద నడిచే చిన్న ఎఫ్ఎం రేడియో చేత్తో పట్టుకుని, అడాప్టర్లు ఒక్కొక్కటే పీకి చూడటం. ఆ పని అందరూ బాగానే చేశారు. చివర్లో నేను రాసిన ఒక్క వాక్యం మాత్రం కొంప ముంచింది: 'ఫెర్రైట్ కోర్‌లోంచి వైరు మూడుసార్లు తీయండి.' చాలామంది పైతొడుగు చీల్చి, ఎర్ర వైరు బయటికి లాగి, దాన్నొక్కదాన్నే తిప్పారు. తెనాలి తమ్ముడొకడు యూఎస్‌బీ కేబుల్ కోసి లోపలి డేటా వైర్లలో ఒకదాన్ని తిప్పాడట. ప్రింటర్ పలకడం మానేసింది. కాబట్టి ఈ వారం అనుకున్న ఎర్తింగ్ పాఠం వెనక్కి జరిపి ఇదే పట్టుకుందాం.

ల్యాప్‌టాప్ అడాప్టర్ వైరుకీ, పాత మానిటర్ కేబుల్‌కీ కనిపించే ఆ నల్ల బుడిపెలో సర్క్యూటేమీ ఉండదు. మధ్యలో బెజ్జమున్న ఫెర్రైట్ గొట్టం, అంతే. ఫెర్రైట్ కోర్ అంటే ఇదే. ఫెర్రైట్ అంటే ఐరన్ ఆక్సైడుకి నికెల్-జింక్ లేదా మాంగనీస్-జింక్ ఆక్సైడ్లు కలిపి కాల్చిన నల్లటి పింగాణీ లాంటి పదార్థం. కింద పడితే ఇనుములా సొట్టపోదు, పగులుతుంది.

ఇక అందరూ తప్పిన చోటికి వద్దాం. అడాప్టర్ నుంచి బల్బుకి వెళ్ళే కరెంటు ఎర్ర వైరులో పోయి నల్ల వైరులో తిరిగొస్తుంది. రెండూ కలిసి బెజ్జంలోంచి వెళితే ఒకటి అటు, ఒకటి ఇటు. వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫెర్రైట్‌కి అక్కడ కరెంటున్నట్టే తెలియదు. అందుకే రెండు ఆంపియర్లు పారుతున్నా బల్బు వెలుగు తగ్గదు. డేటా కేబుల్లో సిగ్నల్‌ది కూడా ఇదే కథ.

గోల అలా నడవదు. అడాప్టర్‌లోని స్విచింగ్ సర్క్యూట్ నుంచి వచ్చే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు ఎర్రదానిలోనూ నల్లదానిలోనూ ఒకే దిశలో బయటికి పోతుంది. తిరిగి రావడానికి దానికి వైరు అక్కర్లేదు, గాలిలోంచీ గోడలోంచీ ఇంటి కరెంటు వైరింగ్‌లోకి చేరుకుంటుంది. దీన్నే కామన్ మోడ్ అంటారు. మీటరున్నర వైరు ఈ కరెంటుకి చక్కటి యాంటెన్నా. ఫెర్రైట్ కంట పడేది ఈ కరెంటు ఒక్కటే. దానికి అడ్డు నిలబడి, చాలా భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. చేతికి తెలిసేంత వేడేం కాదు.

ఇప్పుడు ఎర్ర వైరు ఒక్కదాన్నే తిప్పితే ఏమైందో చూడండి. రెండు గుమ్మాల ఇంట్లో ఒక్క గుమ్మానికే తాళం వేసినట్టు, గోల నల్ల వైరులోంచి దర్జాగా బయటికి పోయింది. అది చాలదన్నట్టు, కొట్టేసుకోవాల్సిన డీసీ ఇప్పుడు పూర్తిగా కోర్ మీద పడింది. రెండు ఆంపియర్లు, మూడు చుట్లు అంటే ఆరు ఆంపియర్-చుట్లు. చిన్న కోర్ దీనికే సంతృప్త స్థితి వైపు, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితి వైపు జారిపోతుంది, ఉన్న కాస్త అడ్డూ పడిపోతుంది. కేబుల్‌ని ఉన్నది ఉన్నట్టుగా, తొడుగుతో సహా, మొత్తంగా తిప్పాలి. కత్తి ఎందుకు తీశారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక టిఫిన్ కొట్టు సంగతి చూద్దాం. కౌంటర్ మీద రేడియో, వెనక అద్దాల బీరువాలో ఎల్ఈడీ స్ట్రిప్, దానికి 12 వోల్టుల అడాప్టర్. స్ట్రిప్ వేస్తే చాలు, విజయవాడ నుంచి వచ్చే స్టేషన్ మీద బుస్సుమని గోల. దగ్గరి స్టేషన్ మీద లేదు, సిగ్నల్ అక్కడ బలంగా ఉంది. కొట్టు బాబాయి స్ట్రిప్ మార్చబోతే ఆపి, ముందు చిన్న రేడియో పట్టుకుని వైరు వెంబడి నడిపించాను. అడాప్టర్ దగ్గరా, దాన్నుంచి వెళ్ళే డీసీ వైరు వెంబడీ గోల హెచ్చింది. స్ట్రిప్ చివర తగ్గింది. వైరు వట్టి కొన దగ్గర ఈ కరెంటు తక్కువగా ఉంటుంది కాబట్టి, అక్కడ కోర్ పెడితే దండగ. గోల పుట్టే చోటికి ఆనుకునే పెట్టాలి, అంటే అడాప్టర్ నుంచి వైరు బయటికొచ్చిన చోటే.

అక్కడ రెండు ముక్కలుగా తెరుచుకుని వైరు మీద మూసుకునే క్లిప్ కోర్ పెట్టి, వైరు ఒక్కసారి పోనిచ్చాం. గోల తగ్గింది, పోలేదు. లెక్క చూస్తే అంతే రావాలి. ఆ దారిలో గోల కరెంటుకి ముందే 150 ఓమ్‌లు ఉన్నాయనుకోండి, కోర్ ఇంకో 150 కలిపితే కరెంటు సగమవుతుంది, అంటే 6 డెసిబెల్స్. చెవికి తెలుస్తుంది, సమస్య తీరదు. అదే దారిలో ముందే 1000 ఓమ్‌లుంటే ఈ 150 వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకే కోర్ ఒకరింట్లో అద్భుతంగా, పక్కింట్లో దండగగా కనిపించడానికి కారణమిదే.

తర్వాత మూడు చుట్లు వేశాం. అడ్డు చుట్ల వర్గం కొద్దీ పెరుగుతుంది, మూడుకి తొమ్మిది రెట్లు. కానీ చుట్ల మధ్య కెపాసిటెన్స్ గోల కరెంటుకి అడ్డదారి ఇస్తుంది కాబట్టి ఎఫ్ఎం దగ్గర అంతా దక్కదు. ఐదారు చుట్లు వేస్తే వంద మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్నదీ పోవచ్చు. మూడుతో కొట్టులో స్టేషన్ తేటపడింది. చుట్లు బయట లెక్కపెట్టకండి. బెజ్జంలోంచి ఎన్నిసార్లు వెళ్ళిందో అన్ని చుట్లు, తిన్నగా పోతే అది ఒకటి.

క్లిప్ రెండు ముక్కలూ పూర్తిగా ఆనాలి. నేను కొనేది పెద్ద బెజ్జంవి, లేకపోతే మూడు చుట్లు పట్టవు. పాడైన మానిటర్ కేబుళ్ళ బుడిపెలు కూడా కోసి దాచుకుంటాను. వాటిలో కోర్ ఒకే ముక్క, అతుకు ఉండదు. బెజ్జం ఇరుకు కాబట్టి సన్నటి వైర్లకే పనికొస్తాయి.

ఇక అందరూ అడిగేది: ఏ కేబుల్‌కైనా పెట్టుకుంటే మంచిదేనా? గోల ఉంటేనే. తయారీదారులు బుడిపె పెట్టేది వస్తువు 30 మెగాహెర్ట్జ్ పైన వెదజల్లే రేడియో తరంగాల పరీక్షలో నెగ్గడానికి. లోపలి ఫిల్టర్ సరిపోతే పెట్టరు. అందుకని బుడిపె లేని కేబుల్ నాసిరకమనుకోకండి. స్పీకర్లలో 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దానికి ఇది అసలు పనిచేయదు, ఆ ఫ్రీక్వెన్సీలో దీని అడ్డు లేనట్టే. ఛార్జింగ్ వేగం, ఇంటర్నెట్ వేగం పెరగవు. పిడుగు పడితే ఆగదు. మీడియం వేవ్ రేడియోకి కూడా ఒక్క చుట్టు దాదాపు శూన్యం. అక్కడ మాంగనీస్-జింక్ రకం పెద్ద రింగు, పదేసి చుట్లు కావాలి.

సాధన. ఈసారి కాస్త ఎక్కువే, ఆదివారం పెట్టుకోండి. గోల చేసే అడాప్టర్ ఒకటి, క్లిప్ కోర్ ఒకటి, బ్యాటరీ రేడియో ఒకటి. ఎఫ్ఎంలో కింది కొన, పై కొన, మీడియం వేవ్‌లో ఒక చోటు, మూడు చోట్లా వినాలి. ప్రతి చోటా కోర్ లేకుండా, ఒక చుట్టు, మూడు చుట్లు, ఆరు చుట్లు. రేడియో కదపకూడదు, వైరు పరిచిన తీరూ మార్చకూడదు. చేయి వైరు మీదుంటే లెక్క తప్పుతుంది. ఇదే మళ్ళీ కోర్‌ని వైరు అవతలి కొనకి మార్చి చేయండి. చివరగా క్లిప్ ముక్కల మధ్య నోట్‌బుక్ కాగితం పెట్టి మూయండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో అడ్డు బాగా పడిపోతుంది, ఎఫ్ఎంలో తేడా అంత తెలియకపోవచ్చు. తెలియకపోతే మీ చెవి తప్పేం కాదు, వంద మెగాహెర్ట్జ్ దగ్గర ఫెర్రైట్ పెర్మియబిలిటీ, అంటే అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి లాక్కునే గుణం, ఎలాగూ బాగా తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఆ కాగితమంత సందు అక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. వచ్చే వారం ఎర్తింగ్.