పది గంటలు చదివినా మార్కులు కదలకపోతే

సమస్య: ఎప్‌సెట్ కోసం రోజూ పది గంటలు కూర్చుంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో గోడకు అంటించిన టైంటేబుల్ ప్రకారమే అంతా నడుస్తోంది. నమూనా పరీక్షలో మార్కులు మాత్రం నెల క్రితం ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి.

ముందు చూడాల్సింది: గడియారం పెట్టుకుని పూర్తి పేపరు రాశారా? ఎవరిని అడిగినా ‘సిలబస్ అయ్యాక రాస్తాను’ అంటారు. ఇప్పుడున్న మార్కు తెలియకుండా ‘మంచి ర్యాంకు’ అనే లక్ష్యాన్ని నెలలకు, వారాలకు పంచడం కుదరదు. దయచేసి ఈ వారమే రాయండి.

160కి 78 వచ్చాయనుకుందాం: గణితం 36, భౌతికం 20, రసాయనం 22. మూడు నెలల్లో 110 కావాలి. గణితం వాటా 50 అనుకుంటే 14 పెరగాలి. మొదటి నెలకు 5 చాలు. అవి ఏ అధ్యాయాల్లో పోతున్నాయో తప్పుల జాబితా చెబుతుంది. సమాకలనాలు, సదిశలు, సంభావ్యత అని తేలితే వారానికొకటి పెట్టుకోండి. నాలుగో వారంలో మళ్లీ పూర్తి పేపరు.

అసలు కారణం: చాలామంది ఇక్కడి వరకు సరిగ్గానే వచ్చి, రోజువారీ లక్ష్యం దగ్గర దెబ్బతింటారు. ‘రోజుకు పన్నెండు లెక్కలు’ అని రాసుకుంటారు. చూడటానికి అది గంటలను కాక ఫలితాన్ని కొలిచే లక్ష్యమే. కానీ రెండో మెట్టులో ఆగిపోగానే సాధన తెరుస్తారు, ‘ఓహో, ఇంతేనా’ అనుకుంటారు, మిగతాది దించి టిక్కు పెడతారు. నోటుపుస్తకం నిండుతుంది, పన్నెండూ పూర్తవుతాయి. అదే లెక్క పరీక్షలో వస్తే మళ్లీ రెండో మెట్టులోనే చెయ్యి ఆగుతుంది. నోటుపుస్తకం ఎంత నిండినా మార్కులు పెరగకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పరిష్కారం: సాధన తెరవకుండా చివరిదాకా చేసిన లెక్కకే టిక్కు. తెరిస్తే ఆ లెక్క వేరే పేజీలోకి వెళ్లాలి; మూడు రోజుల తర్వాత తెల్లకాగితంపై మళ్లీ చేయాలి. ఆదివారం ఆ అధ్యాయం నుంచి పాత ప్రశ్నలు 40, సమయం 45 నిమిషాలు. అసలు పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు కాబట్టి ఇదీ అదే వేగం. ఊహించి పెట్టిన జవాబు పక్కన చుక్క పెట్టండి. ఎప్‌సెట్‌లో తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి అక్కడ ఊహించినా నష్టం లేదు. కానీ నాలుగు ఐచ్ఛికాల్లో గుడ్డిగా పెట్టినా సగటున నాలుగింట ఒకటి తగులుతుంది. అందుకే వారం లెక్కలో చుక్కలు తీసేసి, మిగిలిన సరైన జవాబులు 25 దాటితేనే తర్వాతి అధ్యాయం.

పుస్తకం మంచిది కాకపోవడం, గదిలో గోల వంటివి అరుదు. వాటి మీద వారాలు పోగొట్టుకోవద్దు.

వరుసగా మూడు రోజులు పన్నెండుకు ఎనిమిదే అవుతుంటే లక్ష్యాన్ని ఎనిమిదికి దించి, ఆ అధ్యాయానికి ఇంకో వారం ఇవ్వండి. గంటలు మాత్రం పెంచకండి.