మీమ్ రాయడం నేర్చుకుందాం – 5వ పాఠం: వెలిగే మెదడు, తగ్గే తెలివి

పోయిన పాఠంలో రెండు గడుల మీమ్ చూశాం. ఒక గడిలో ఒకటి వద్దంటాడు, ఇంకో గడిలో ఇంకొకటి కావాలంటాడు, అంతటితో అయిపోతుంది. ఈసారి మెట్లు ఎక్కే మీమ్ చూద్దాం. దీన్ని ఎక్స్‌పాండింగ్ బ్రెయిన్ అంటారు, గెలాక్సీ బ్రెయిన్ అని కూడా అంటారు. 2017 మొదట్లో బాగా పాకింది. మామూలుగా నాలుగు వరుసలుంటాయి. ఎడమవైపు మాట, కుడివైపు బొమ్మ. మొదటి బొమ్మలో పుర్రెలో చిన్న మెదడు. రెండోదాంట్లో అది వెలుగుతుంది, మూడోదాంట్లో కిరణాలు చిమ్ముతుంది. నాలుగోదానికి వచ్చేసరికి మనిషి ఒళ్లంతా వెలుగై విశ్వంలో కలిసిపోతున్నట్టు ఉంటుంది.

బొమ్మలు ఎప్పుడూ పైకే వెళ్తాయి. వాటిని మీరు మార్చేదేమీ లేదు. రాయాల్సింది మాటలు మాత్రమే. ఆ మాటలు ఎక్కడ దారి తప్పాలన్నదే ఈ పాఠం.

ఈ మీమ్‌ని బాగా పాకించిన ఇంగ్లిష్ జోకు ఒకటుంది. మొదటి గడిలో ‘హూ’, రెండోదాంట్లో ‘హూమ్’, ఆ తర్వాత ‘హూమ్‌స్ట్’, ‘హూమ్‌స్టెడ్’. హూ అనేది అందరూ వాడే మాట. హూమ్ అనేది వ్యాకరణం తెలిసినవాళ్లు ఆచితూచి వాడే మాట. అంటే మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకి తెలివి నిజంగానే పెరిగింది. బొమ్మ చెప్పినదీ మాట చెప్పినదీ ఒకటే కాబట్టి చదివేవాడు బొమ్మను నమ్ముతాడు. మూడో మెట్టులో ఉన్నది అసలు మాటే కాదు. ‘ఇంకో తోక తగిలిస్తే ఇంకా పాండిత్యం’ అనే లెక్కతో పుట్టింది. మనవాళ్లు కొందరు ‘బాధ’ని ‘భాధ’ అని రాస్తారు చూడండి, ఒత్తు ఎక్కువైతే భాష గంభీరంగా ఉంటుందని, అదే లెక్క. మెదడు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. నవ్వు పుట్టేది అక్కడే.

మన అలంకారశాస్త్రం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఒకదాన్ని మించి ఇంకొకటి అంటూ పైపైకి చెప్పుకుపోవడాన్ని సారాలంకారం అంటారు. తేనె తీపి, దానికన్నా అమృతం తీపి, దానికన్నా కవి మాట తీపి అన్నట్టు. పైకి పొగుడుతున్నట్టు ఉంటూ లోపల తిట్టడం వ్యాజస్తుతి. నాకు ఈ మీమ్ అంటే ఇష్టం ఎందుకంటే ఇందులో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. బొమ్మల వరుస సారం. దాని పక్కన మాట పెట్టగానే ఆ పొగడ్త వ్యాజస్తుతిగా మారుతుంది. మెట్టు మెట్టుకీ పొగడ్త పెరుగుతుంది కాబట్టి తిట్టు కూడా పెరుగుతుంది. వెటకారం పేరుకోవడమంటే ఇదే.

ఇప్పుడు ఒకటి రాద్దాం. విషయం: కూరలో ఉప్పు ఎక్కువైంది, చుట్టాలు వచ్చేశారు.

మొదటి గడి: ‘కాసిని నీళ్లు పోసి మరిగిస్తాను.’

రెండో గడి: ‘నీళ్లతో పాటు బంగాళాదుంప ముక్కలు వేసి మరిగిస్తాను.’

ఇక్కడిదాకా ఏ వంటింట్లోనైనా వినే మాటలే. రెండోది మొదటిదానికన్నా కొంచెం తెలిసినవాళ్ల చిట్కా. మూడో గడికి నేను మొదట రాసుకున్నది ఇది: ‘ఉప్పు వేయకుండా ఇంకో కూర వండి రెండూ కలిపేస్తాను.’ చదివి కొట్టేశాను. అది నిజంగా పనికొచ్చే పద్ధతి. అందులో తప్పు లేదు కాబట్టి మలుపూ లేదు. తర్వాత రాసింది: ‘కూర పారబోసి గ్రహాంతరవాసుల్ని పిలుస్తాను.’ ఇది ఇంకా చెడ్డది. వెర్రితనం ఉంది గాని, పై రెండు గడులతో దానికి చుట్టరికం లేదు. చదివేవాడు ‘ఏదో రాశాడు’ అనుకుని ముందుకెళ్లిపోతాడు.

అప్పుడు పై రెండు గడుల్లోనూ ఉన్న వస్తువేమిటో చూశాను. నీళ్లు. నీళ్లు కలిపితే ఉప్పు పలచబడుతుందన్నది సరైన లెక్క. ఆ లెక్కను వదలకుండా, తప్పు చోట వాడితే?

మూడో గడి: ‘కూరలో ఎందుకు, చుట్టాలకే ముందు రెండేసి గ్లాసుల నీళ్లు తాగించి వడ్డిస్తాను.’

నాలుగో గడి: ‘అందర్నీ బీచ్‌కి తీసుకెళ్లి తలా ఒక గుక్క సముద్రం నీళ్లు పట్టించి వడ్డిస్తాను. కూర చప్పగా ఉందంటారు.’

మూడోదాంట్లో నీళ్లు కూరలోంచి కడుపులోకి మారాయి. నాలుగోదాంట్లో నీళ్లే ఉప్పగా మారాయి, లెక్క తలకిందులైంది. అయినా ప్రతి గడీ పై గడి మాట విని పుట్టిందే. నాలుగో మెదడు ఉప్పు తగ్గించలేదు, నాలుకను మార్చింది. వినడానికి అది ఏదో లోతైన ఆలోచనలాగే ఉంటుంది. చివరి గడికి ఈ లక్షణం ఉండి తీరాలి. పక్కన ఉన్నది విశ్వరూపం లాంటి బొమ్మ కదా, దాని పక్కన వట్టి పిచ్చిమాట ఆనదు. పిచ్చిమాటకి కొంచెం వేదాంతం వాసన ఉండాలి.

రాసింది నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. మూడు, నాలుగు గడుల మాటల్ని తారుమారు చేసి చదవండి. తేడా తెలియకపోతే మీరు మెట్లు కట్టలేదన్నమాట, రెండు జోకులు పక్కపక్కన పెట్టారంతే. పైదాంట్లో సముద్రం ముందొచ్చి గ్లాసుల నీళ్లు తర్వాతొస్తే గాలి తీసేసినట్టు ఉంటుంది. కాబట్టి వరుస సరిగ్గానే ఉంది.

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు మొదటి గడి నుంచే వెర్రిగా రాయడం. అప్పుడు బొమ్మను నమ్మే అవకాశమే చదివేవాడికి దొరకదు, నమ్మకం లేనిచోట దాన్ని విరగ్గొట్టేదీ ఉండదు. మొదటి గడి చప్పగా ఉందని భయపడకండి, అది అలాగే ఉండాలి. గడులు ఐదు, ఆరు, ఇంకా ఎక్కువ చేసేవాళ్లూ ఉన్నారు. తప్పేం లేదు, కాని ప్రతి కొత్త గడిలోనూ లెక్క కొత్తగా వంకర పోవాలి. గ్లాసు తర్వాత బిందె, బిందె తర్వాత ట్యాంకరు అంటే సైజు పెరిగింది గాని వంకర పెరగలేదు.

ఇంకొకటి. తమ సొంత అభిప్రాయాన్ని నిజంగా గొప్పదనుకుని చివరి గడిలో పెట్టేవాళ్లుంటారు. ‘ఫలానా హీరో ఫ్యాన్స్’ మొదటి గడిలో, ‘మా హీరో ఫ్యాన్స్’ నాలుగో గడిలో. అప్పుడు వ్యాజస్తుతిలో దాగిన నింద పోయి స్తుతి ఒక్కటే మిగులుతుంది. అది గొప్పలు చెప్పుకోవడం, ఈ మీమ్ పని అది కాదు. అలాగే, విషయం తెలియనివాళ్లకి మెట్టు ఎక్కడ విరిగిందో కనపడదు. వంట తెలియనివాడు మూడో గడి చూసి ‘పనిచేస్తుందా?’ అని నిజంగానే అడగొచ్చు. ఎవరైనా అలా అడిగితే రెండో గడికీ మూడో గడికీ మధ్య దూరం చాల్లేదని అర్థం, అక్కడ సరిచేయండి.

ఇంటిపని. విషయం: కిక్కిరిసిన బస్సులో సీటు. మొదటి రెండు గడులు నేనిస్తున్నాను.

ఒకటి: ‘నిలబడి వెళ్తాను, ఎవరైనా దిగితే కూర్చుంటాను.’

రెండు: ‘బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాను.’

మూడు, నాలుగు మీరు రాయండి. కర్చీఫ్‌ని వదలొద్దు. గుడ్డ వేస్తే చోటు మనదవుతుందన్న లెక్క ఎంత దూరం వెళ్తుందో చూడండి. రాశాక తారుమారు పరీక్ష చేయండి. వచ్చే పాఠంలో ఇవే గడుల్ని కింది నుంచి పైకి చదివితే ఏమవుతుందో చూద్దాం.