ఉత్త "హాయ్" పెట్టేది మనిషా, మెషీనా? ఎలా తెలుసుకోవాలి?

గుంటూరులో మిర్చి సీజన్ మొదలైతే కోల్డ్ స్టోరేజీ ఆఫీసు వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. రేటు అడిగేవాళ్లు, బస్తాలు ఎప్పుడు తీసుకోవచ్చని అడిగేవాళ్లు, మధ్యలో విషయం చెప్పకుండా "హాయ్", "గుడ్ మార్నింగ్" పెట్టేవాళ్లు. వీటిలో ఏది మనిషిదో తేల్చడానికి ఈ వరస పాటించండి.

ముందు టైమ్ చూడండి. మీరు జవాబు పెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే, అర్ధరాత్రయినా సరే, అదే వాక్యం తిరిగి వస్తే అది ఆటోమేటిక్ మెసేజ్. అలాగని పారేయకండి. వాట్సాప్ బిజినెస్‌లో గ్రీటింగ్ మెసేజ్ పెట్టుకున్న వ్యాపారికి మీరు మొదటిసారి రాసినా, 14 రోజుల గ్యాప్ తర్వాత రాసినా అది దానంతటదే వస్తుంది. ఆ వ్యాపారి మీ మెసేజ్‌ని తర్వాత తీరిగ్గా చూస్తాడు. మీ దగ్గరా ఆటో రిప్లై ఉంటే రెండూ ఒకదానికొకటి నమస్కారాలు పెట్టుకోవచ్చు. అప్పుడు మీదే కాసేపు ఆపండి.

వేర్వేరు నంబర్ల నుంచి అక్షరం తేడా లేకుండా ఒకే మెసేజ్ వచ్చినా కంగారు పడొద్దు. మీ ప్రకటనలో ఇచ్చిన లింకు ఇలా ఉందేమో చూడండి:

```
https://wa.me/<number>?text=Hello
```

`text=` తర్వాత ఉన్నది నొక్కినవాళ్లందరి ఫోన్లోనూ ముందే టైప్ అయి ఉంటుంది. వాళ్లు సెండ్ కొడతారంతే. అందరూ నిజమైన మనుషులే!

ఇక తేలనిది ఒకే నంబర్ నుంచి రోజూ వచ్చే "హాయ్". దీనికి జవాబు ఇవ్వడంలోనే ఉంది కిటుకు. "మీరు మెషీనా?" అని ఎప్పుడూ అడక్కండి. పెద్దాయనెవరో మనవడి చేత టైప్ చేయించి, మీరు ఫోన్ చేస్తారని ఎదురుచూస్తుండొచ్చు. ఇలా పెట్టండి: "నమస్కారమండీ. బస్తాల గురించా, అద్దె గురించా? టైప్ చేయడం ఇబ్బందైతే వాయిస్ మెసేజ్ గానీ, రసీదు ఫోటో గానీ పెట్టండి."

ఒక ఉదాహరణ అనుకుందాం. మూడు రోజులు సాయంత్రం పూట "హాయ్" వచ్చింది; టైమ్ ఒకరోజు 6:10, ఒకరోజు 7:40, ఒకరోజు 6:55. మెషీన్ అయితే సాధారణంగా ఇంత అటూ ఇటూ కాదు. పై మెసేజ్ పెడితే గంట తర్వాత నలిగిన రసీదు ఫోటో, కింద "తేజ 40 బస్తాలు" అని వచ్చింది. తేలిపోయింది. ఫోటో బదులు మళ్లీ అదే "హాయ్" వస్తే మర్నాడు ఇంకోసారి, ఈసారి ఒక్క ముక్కే అడగండి: "ఏ ఊరండీ?"

దానికీ జవాబు లేకపోతే బ్లాక్ చేయకుండా "చూడాలి" అని లేబుల్ పెట్టి, రోజుకొకసారి ఆ లేబుల్ తెరవండి. ఆర్కైవ్ చేస్తే కొత్త మెసేజ్ వచ్చినా చాట్ పైకి రాకపోవచ్చు, అసలు రైతు అక్కడే ఉండిపోతాడు. తెలియని లింకు, ఓటీపీ, డబ్బు ప్రస్తావన వస్తే మాత్రం ఇంకేం ఆలోచించకుండా రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి.