గానుగ నూనె యూనిట్ ప్రతిపాదన: సాధ్యాసాధ్యాల అధ్యాయం ఎక్కడ తేడా కొడుతుంది?

వేరుశనగ గానుగ యూనిట్ పెట్టాలనుకునేవారి ప్రాజెక్టు నివేదికలు బ్యాంకు నుంచి తిరిగి రావడానికి కారణం చాలాసార్లు యంత్రమో మార్కెట్టో కాదు. సాంకేతిక, ఆర్థిక, నిర్వహణ భాగాలను విడివిడిగా రాసి అతికించడం వల్లే వస్తుంది చిక్కు. రెండు చెక్క గానుగలున్న ఒక చిన్న యూనిట్‌ను ఊహించి లెక్క చూద్దాం. ధరలన్నీ ఉదాహరణకే, మీ ఊరి ధరలు వేసుకోండి.

లక్షణం: "ఇంత నూనె ఎలా వస్తుంది?" అని మేనేజరు అడిగారు

కారణం సాంకేతిక భాగంలోనే ఉంటుంది. అమ్మకందారు కాగితంలో గానుగకు ఒక్కో దఫాకు 20 కిలోల పప్పు అని ఉంటుంది. రోజుకు 10 దఫాలు, ఏడాదికి 300 రోజులు, నూనె 45 శాతం అని వేస్తే రెండు గానుగలకు 54 టన్నుల నూనె తేలుతుంది. వేరుశనగ పప్పులో నూనె దాదాపు అంతే ఉంటుంది కానీ, గానుగ దాన్నంతా పిండలేదు. కొంత, పిండగా మిగిలిన వేరుశనగ చెక్కలోనే ఉండిపోతుంది.

దీన్ని సరిచేయాలంటే లెక్కను గానుగ దగ్గర నిలబడి వేయాలి. పప్పు పోయడం, ఆడించడం, చెక్క తీయడం, తుడవడం కలిపి గంటపైనే పడుతుంది. దఫాకు 15 కిలోలు, రోజుకు 6 దఫాలు అనుకుంటే రెండు గానుగలకు 180 కిలోలు, ఏడాదికి 54 టన్నుల పప్పు. 40 శాతం చొప్పున నూనె 21.6 టన్నులు. మొదటి ఏడాది సామర్థ్యంలో 60 శాతమే వాడతారనుకుంటే 13 టన్నులకు కాస్త తక్కువ. 54 ఎక్కడ, 13 ఎక్కడ! ఆర్థిక భాగం ఈ చివరి అంకెతోనే మొదలవ్వాలి. పనిలో పనిగా మరొకటి: కిలో, లీటరు ఒకటి కావు. 40 కిలోల నూనె దాదాపు 44 లీటర్లవుతుంది. సీసాల ఖర్చు లీటర్లలో, దిగుబడి కిలోల్లో వేసి కలిపేస్తే పట్టిక ఎప్పటికీ సరితూగదు.

లక్షణం: కాగితం మీద లాభం ఉంది, వాయిదా కట్టడానికి డబ్బు లేదు

క్వింటా పప్పు 11,000 రూపాయలనుకుందాం. 40 కిలోల నూనె కిలో 300 చొప్పున 12,000, 56 కిలోల చెక్క కిలో 40 చొప్పున 2,240. సీసాలకు 440 పోతే క్వింటాకు 2,800 మిగులుతుంది. మొదటి ఏడాది ఆడేది 324 క్వింటాళ్లు కాబట్టి మొత్తం 9 లక్షలు దాటుతుంది. జీతాలు, కరెంటు, అద్దె, వర్కింగ్ క్యాపిటల్ వడ్డీ కలిపి 6 లక్షలు తీసేస్తే చేతిలో 3 లక్షలు.

ఇప్పుడు 10 లక్షల టర్మ్ లోన్ అయిదేళ్లలో తీర్చాలంటే మొదటి ఏడాది అసలు 2 లక్షలు, వడ్డీ లక్ష దాకా. వచ్చేదీ పోయేదీ సమానం. బ్యాంకులు సాధారణంగా చేతిలో మిగిలేదానికీ, కట్టాల్సిన అసలు వడ్డీలకూ మధ్య నిష్పత్తి సగటున 1.5 దరిదాపుల్లో ఉండాలని కోరతాయి. ఇక్కడ అమ్మకాలు పెంచి రాయడం అందరికీ తోచే దారి. మొదటి లక్షణానికి తిరిగి వెళ్లే దారి కూడా అదే. దానికి బదులు మొదటి 6 నెలలు అసలు కట్టకుండా మారటోరియం అడిగితే ఆ ఏడాది అసలు లక్షకు తగ్గి, నిష్పత్తి 1.4 దాటుతుంది. అప్పటికీ చాలకపోతే రుణం తగ్గించాలి, లేదా గడువు పెంచాలి.

చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద వచ్చే 35 శాతం సబ్సిడీని మొదటి ఏడాది నగదుగా చూపేవారూ ఉన్నారు. అది రుణానికి ముడిపడినది, చేతికి వచ్చే డబ్బు కాదు.

లక్షణం: మార్చికల్లా గానుగ ఆగిపోతుంది

వానాకాలం వేరుశనగ ఎక్కువగా అక్టోబరు, నవంబరులలో మార్కెట్‌కు వస్తుంది. ఆ తర్వాత ధర మీ చేతిలో ఉండదు. నెలకు 27 క్వింటాళ్లు కావాలంటే నాలుగు నెలల నిల్వకు 12 లక్షలు దాకా పెట్టాలి. అంచనా అమ్మకాలు 46 లక్షలు. చిన్న యూనిట్లకు బ్యాంకులు వాడే టర్నోవరు పద్ధతిలో అమ్మకాల్లో 20 శాతం, అంటే 9 లక్షల వర్కింగ్ క్యాపిటల్ రుణ పరిమితి వస్తుంది. మిగతా 3 లక్షలు సొంతంగా ఎక్కడి నుంచి తెస్తారో నివేదికలో రాయాలి. చాలా నివేదికల్లో ఈ వరుసే ఉండదు.

నిర్వహణ భాగంలో "నైపుణ్యం గల కార్మికులు లభిస్తారు" అన్న ఒక్క వాక్యం పనికిరాదు. ఆడిన నూనె రెండు మూడు రోజులు తేరుకోవాలి, కాబట్టి ఎన్ని డ్రమ్ములు, ఎంత చోటు? చెక్క తీసుకునే పశువుల దాణా వ్యాపారి ఎవరు, వానల్లో అది బూజు పట్టకముందే ఎన్నాళ్లకోసారి ఎత్తుతారు? పప్పు తేమ ఎవరు చూస్తారు? గానుగ ఆడించే మనిషి సెలవు పెడితే ఎవరు నడుపుతారు? జవాబులు దొరికిన చోట పేరు, లెక్క రాయండి. దొరకని చోట రోజుకు 6 దఫాలన్న అంకెను 5కు దించి పట్టికలన్నీ మళ్లీ వేయండి.